రేకులు లేచిపోయిన మర్నాడు రాసే ఉత్తరం

తుఫానుకు ఇంటి కప్పో, పశువుల కొట్టం కప్పో దెబ్బతిన్నప్పుడు రైతు బీమా కంపెనీకి రాసే మొదటి ఉత్తరం క్లెయిము దరఖాస్తు కాదు. దరఖాస్తు ఫారం, బిల్లులు, మేస్త్రీ అంచనా తర్వాత వస్తాయి. ఈ ఉత్తరానికి పనులు రెండే. నష్టం జరిగిందని కంపెనీకి తెలియజేయడం ఒకటి, కప్పు ఇప్పుడున్న స్థితిలోనే వచ్చి చూడమని అడగడం రెండోది. కష్టమంతా రెండోదాంట్లోనే ఉంది. కప్పులేని కొట్టాన్ని ఎవరూ ఎక్కువ రోజులు అలా వదిలేయలేరు. పశువులు తడుస్తాయి, దాణాకు బూజు పడుతుంది, మరో వాన పడితే గోడలు నానుతాయి. అలాగని వెంటనే కొత్త రేకులు వేసేస్తే, వారం తర్వాత వచ్చే సర్వేయరుకు చూడడానికి ఏమీ మిగలదు. ఈ ఇబ్బందిని ముందే కాగితం మీద పెట్టి, దానికి బదులు చెప్పాల్సిన బాధ్యత కంపెనీ మీద ఉంచేదే మంచి ఉత్తరం.

కోస్తా ఊళ్లలో తుఫాను వెలిసిన మర్నాడే గ్రామ రెవెన్యూ అధికారి వస్తారు, దెబ్బతిన్న ఇళ్లు రాసుకుంటారు, ఫొటోలు తీసుకుంటారు. అక్కడితో తన బాధ్యత తీరిందని చాలామంది రైతులు అనుకుంటారు. ఆ లెక్క ప్రభుత్వ సాయం కోసం రాసుకునేది. బీమా కంపెనీకి అది చేరదు. పంట బీమా దారి కూడా వేరు. కోసి పొలంలో ఆరబెట్టిన పంట తుఫానుకు తడిస్తే 72 గంటల్లో తెలియజేయాలన్న నిబంధన దానికి ఉంది, కానీ ఆ ఫిర్యాదులో కొట్టం కప్పు గురించి రాసినా ప్రయోజనం ఉండదు. చెవికి ట్యాగు వేసిన పాడిపశువు బీమా మరొకటి. కప్పుకు సంబంధించిన ఉత్తరం వెళ్లాల్సింది ఆ కట్టడానికి పాలసీ ఇచ్చిన కంపెనీకే.

ఆ కంపెనీ ఏదో రైతుకే తెలియకపోవడం తరచూ జరిగేదే. బ్యాంకు అప్పుతో కట్టిన షెడ్డుకు బీమా చేయించేది సాధారణంగా బ్యాంకే. ప్రీమియం అప్పు ఖాతాలోంచి కోతపడుతుంది, పాలసీ కాగితం బ్యాంకు ఫైల్లోనే ఉండిపోతుంది. పాస్‌బుక్కులో ఏడాదికోసారి కనిపించే ఆ కోతే రైతుకు దొరికే ఆధారం. శాఖకు ఫోన్ చేసి కంపెనీ పేరు, పాలసీ నంబరు, గడువు తేదీలు, షెడ్డుకు ఎంత మొత్తానికి బీమా ఉందో అడిగి రాసుకోవాలి. పాలసీ నంబరు దొరికేదాకా ఉత్తరం ఆపనక్కరలేదు. అప్పు ఖాతా నంబరు వేసి పంపి, పాలసీ నంబరు తర్వాత తెలియజేస్తామని రాస్తే చాలు.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తీవ్ర తుఫానుగా నరసాపురానికి దక్షిణంగా తీరం దాటింది. ఆ ప్రాంతంలోని ఒక పాడిరైతు కొట్టాన్ని ఉదాహరణగా ఊహించుకుందాం. పొడవు 40 అడుగులు, వెడల్పు 18 అడుగులు, రెండు వాలుల సిమెంటు రేకుల కప్పు. మర్నాడు ఆ రైతు రాయదగిన ఉత్తరం ఇలా ఉంటుంది.

"తేదీ: 29-10-2025, బుధవారం.

బ్రాంచి మేనేజరు గారికి,

విషయం: తుఫానుకు పశువుల షెడ్డు కప్పు దెబ్బతినడం, వెంటనే తనిఖీ చేయవలసిందిగా వినతి. పాలసీ నంబరు: …… బ్యాంకు అప్పు ఖాతా నంబరు: ……

అయ్యా, పై పాలసీ కింద బీమా ఉన్న మా పశువుల షెడ్డు నిన్న, అంటే 28వ తేదీ రాత్రి, సుమారు 10 గంటలకు ఈశాన్యం నుంచి వీచిన గాలికి దెబ్బతిన్నది. తూర్పు వాలులో ఉన్న 12 రేకుల్లో 9 లేచిపోయాయి. మరో 3 పగిలి కప్పు మీదే ఉన్నాయి. నడికొప్పు రేకుల్లో 4 పడిపోయాయి. ఇనుప అడ్డపైపుల్లో రెండు వంగాయి. పడమటి వాలు, గోడలు బాగానే ఉన్నాయి. లోపల నిల్వ ఉన్న దాణా బస్తాలు 12 తడిశాయి. మనుషులకు, పశువులకు దెబ్బలు తగల్లేదు.

ఈ ఉదయం 7 గంటలకు ఏదీ కదపకముందే ఫొటోలు, వీడియో తీశాము. తర్వాత పశువులను పడమటి భాగానికి మార్చి, తెరుచుకున్న చోట టార్పాలిన్ కప్పించాము. దాని ఖర్చు రసీదు మా దగ్గర ఉంది. విరిగిన రేకులు, బోల్టులు పారేయకుండా షెడ్డు పక్కన ఉంచాము.

టార్పాలిన్ ఎక్కువ రోజులు ఆగదు. షెడ్డులో 6 పాడిపశువులు ఉన్నాయి. కాబట్టి నవంబర్ 3వ తేదీలోపు తనిఖీ చేయించవలసిందిగా కోరుతున్నాము. అంతలోగా రావడం కుదరకపోతే, ఫొటోల ఆధారంగా మరమ్మతు మొదలుపెట్టడానికి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వగలరు. నేను రోజంతా ఊళ్లోనే ఉంటాను. ఫోన్: ……

ప్రతి: మా బ్యాంకు శాఖ మేనేజరు గారికి.

ఇట్లు, …… (సంతకం)"

ఈ ఉత్తరంలో "సర్వం పోయింది", "దయచేసి ఆదుకోండి" లాంటి మాటలు లేవు. బతిమాలితే తప్పని కాదు. కంపెనీలో ఆ కాగితం చదివే గుమాస్తాకు, తర్వాత దాన్ని చేత పట్టుకుని షెడ్డు చూడడానికి వచ్చే మనిషికి ఆ మాటలతో పని ఉండదు. 12 రేకుల్లో 9 అన్నప్పుడు వాళ్లు లెక్కపెట్టుకుని చూసుకోగలరు. "పడమటి వాలు, గోడలు బాగానే ఉన్నాయి" అన్న వాక్యం తనకే నష్టమని కొందరు రైతులు భయపడతారు. నిజానికి మిగతా లెక్కను నమ్మించేది ఆ వాక్యమే. చెడిపోని వాటిని కూడా చెప్పినవాడు చెడిపోయినవాటిని పెంచి చెప్పలేదని చూసేవాళ్లు అనుకుంటారు. దాణా బస్తాలను విడిగా రాయడానికి కారణం వేరు. కట్టడానికి చేసిన బీమా లోపలి సరుకుకు వర్తించకపోవచ్చు. పాలసీలో సరుకు ఉందో లేదో తేలేవరకు రెండింటినీ కలిపి ఒకే మొత్తంగా రాయకూడదు. డబ్బు అంకె ఏదీ ఈ ఉత్తరంలో వేయకపోవడం కూడా తెలివైన పనే. తొందరలో వేసిన తక్కువ అంకెను తర్వాత పెంచాలంటే సంజాయిషీ చెప్పుకోవాలి.

గంట, గాలి దిక్కు రాయడం వెనుక బీమా సూత్రం ఒకటి ఉంది. పాలసీ చెల్లించేది తుఫాను చేసిన నష్టానికి. కాలం గడిచి రేకు పాతబడటానికి, తుప్పుకు, నిర్వహణ లోపానికి చెల్లించదు. కాబట్టి వచ్చినవారు మొదట వేసుకునే ప్రశ్న, కప్పు గాలికి పోయిందా, ముందే పోవడానికి సిద్ధంగా ఉందా అన్నది. భారత వాతావరణ శాఖ లెక్కల్లో గంటకు 62 నుంచి 88 కిలోమీటర్ల గాలి ఉంటే తుఫాను, 89 నుంచి 117 దాకా తీవ్ర తుఫాను. ఆ రాత్రి ఆ ప్రాంతంలో గాలి ఎంతో, ఏ వైపు నుంచో వాతావరణ శాఖ రికార్డుల్లో ఉంటుంది. ఉత్తరంలోని గంట, దిక్కు దానితో కలిస్తే కారణం గురించి సగం వాదన అక్కడే ముగుస్తుంది.

మిగతా సగం రేకులే చెబుతాయి. గాలి కప్పును పైనుంచి నొక్కి పగలగొట్టడం అరుదు. వాలు కప్పు మీదుగా వేగంగా పోయే గాలి పైన ఒత్తిడిని తగ్గిస్తుంది. పక్కలు తెరిచి ఉన్న కొట్టంలోకి దూరిన గాలి కిందనుంచి పైకి తోస్తుంది. రెండూ కలిసి రేకును పైకి లేపుతాయి. ఈ లాగుడు చూరు దగ్గర, మూలల్లో, నడికొప్పు వెంట ఎక్కువగా ఉంటుంది. అందుకే గాలి నష్టం సాధారణంగా అక్కడ మొదలై మధ్యకు పాకుతుంది. రేకును అడ్డపైపుకు పట్టి ఉంచేది హుక్కు బోల్టు. లేచిపోయిన రేకులో బోల్టు రంధ్రం చుట్టూ ముక్క ఊడి వస్తే, బోల్టు పట్టు విడవలేదనీ రేకే చిరిగిందనీ అర్థం. బోల్టే తెగితే తెగిన చోట రంగు చూడాలి. కొత్తగా తెగిన ఇనుము మెరుస్తుంది. తెగిన ముఖమంతా గోధుమరంగు తుప్పు పట్టి ఉంటే అది ఎప్పుడో తెగింది. పగిలిన సిమెంటు రేకు అంచు కూడా అంతే. కొత్త పగులు తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. పాత పగుల్లో మట్టి, పాచి ఉంటాయి. విరిగిన ముక్కలనూ బోల్టులనూ ఉంచామని ఉత్తరంలో చెప్పడం ఇందుకోసమే. వాటిని పాత ఇనుముకు అమ్మేస్తే, రైతు తన సాక్ష్యాన్ని తానే అమ్ముకున్నట్టు. పైగా పనికొచ్చే ఇనుము విలువను క్లెయిములోంచి తగ్గించే హక్కు కంపెనీకి ఉంది కనుక, అమ్మినదానికి లెక్క కూడా అడుగుతారు.

వాన నీటి విషయంలో తగాదా ఇంకా ఎక్కువ. తుఫాను చేసిన కంతలోంచి వచ్చిన నీరు తుఫాను నష్టం కిందికే వస్తుంది. అంతకుముందే ఉన్న పగుల్లోంచి ప్రతి వర్షాకాలం కారే నీరు రాదు. ఏ బస్తా ఏ కంత కింద ఉందో ఫొటోలో కనిపిస్తే ఈ తేడా తేలుతుంది. మొదట దూరం నుంచి కట్టడం మొత్తం కనిపించేలా ఒక ఫొటో, తర్వాత ఒక్కో వాలు, ఆ తర్వాత ఒక్కో దెబ్బ దగ్గరగా తీయాలి. దగ్గరి ఫొటోలే ఉంటే అవి ఏ షెడ్డువో ఎవరూ చెప్పలేరు.

ఇక టార్పాలిన్ సంగతి. "సర్వేయరు వచ్చేదాకా ఏదీ ముట్టుకోవద్దు" అన్న సలహా ఊళ్లలో బాగా వినిపిస్తుంది. అందులో సగమే నిజం. నష్టం మరింత పెరగకుండా తగిన జాగ్రత్త తీసుకోవాల్సిన బాధ్యత పాలసీ షరతుల ప్రకారం బీమా చేసినవారిదే. కప్పకుండా వదిలేసినందువల్ల రెండో వానకు గోడ కూలితే, ఆ గోడను కంపెనీ కాదనవచ్చు. అడ్డుకోవడం వేరు, బాగుచేయడం వేరు. టార్పాలిన్ కప్పడం, వేలాడే రేకును కట్టేయడం, సరుకు పొడిచోటికి మార్చడం అడ్డుకోవడం. వీటికి అనుమతి అక్కరలేదు, ఫొటో తీస్తే చాలు. కొత్త రేకులు వేయడం, పైపులు మార్చడం బాగుచేయడం. దీనికి తనిఖీ అయినా జరగాలి, రాతపూర్వక అనుమతైనా ఉండాలి. "అంతలోగా రావడం కుదరకపోతే అనుమతి ఇవ్వండి" అన్న వాక్యం ఉత్తరం మొత్తంలో అతి విలువైనది. దానికి జవాబు రాకపోయినా, అడిగినట్టు ఆధారం మిగులుతుంది. తర్వాత పశువుల కోసం మరమ్మతు చేయక తప్పకపోతే, తనిఖీకి అవకాశం ఇవ్వలేదన్న ఆరోపణ అంత సులభంగా నిలవదు.

తేదీ పెట్టి అడగడం దబాయింపు కాదు. కంపెనీకి నిబంధనలే గడువులు పెట్టాయి. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం నష్టం తెలిపిన 24 గంటల్లో సర్వేయరును నియమించాలి. సర్వేయరు నివేదిక 15 రోజుల్లో రావాలి. ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ తన నిర్ణయం చెప్పాలి. ఈ గడియారం మొదలయ్యేది రైతు తెలియజేసిన క్షణం నుంచి. అందుకే ఫోన్లో చెప్పి ఊరుకోకుండా, ఎప్పుడు తెలియజేశారో రుజువు ఉండాలి. కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి క్లెయిము నంబరు రాసుకోవాలి. ఉత్తరాన్ని ఈమెయిల్‌లో పంపాలి. అసలు కాగితాన్ని కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి, లేదా స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. ఏజెంటుకు చెప్పడం మాత్రం కంపెనీకి చెప్పినట్టు లెక్కేసుకోకూడదు. ఏజెంటు మంచివాడే కావచ్చు, ఆయన ఫోన్లో ఉండిపోయిన సందేశానికి మాత్రం తేదీ ముద్ర ఉండదు.

పెద్ద తుఫాను తర్వాత ఒకే జిల్లాలో వందల క్లెయిములు ఒకేసారి పడతాయి, సర్వేయర్లు కొద్దిమందే ఉంటారు. పైగా మోటారు బీమా కాని క్లెయిముల్లో నష్టం లక్ష రూపాయల లోపైతే లైసెన్సు ఉన్న సర్వేయరే రావాలన్న నియమం వర్తించదు. కంపెనీ తన ఉద్యోగిని పంపవచ్చు, వీడియో కాల్‌లో చూడవచ్చు, ఫొటోలతోనే తేల్చవచ్చు. చిన్న రైతుల కప్పు నష్టాలు ఎక్కువగా ఈ లోపే ఉంటాయి. అంటే పై ఉదాహరణలోని రైతు విషయంలో, తనిఖీకి వచ్చే మనిషి కంటే ఉత్తరం, దానికి జోడించిన ఫొటోలే ఎక్కువ బరువు మోస్తాయి.

ఉత్తరం కాస్త ఆలస్యమైతే క్లెయిము పోతుందా? పాత తరహా ఫైర్ పాలసీల్లో వెంటనే తెలియజేయాలనీ, 15 రోజుల్లో నష్టం వివరాలు రాసి ఇవ్వాలనీ ఉంటుంది. గడువు పొడిగించమని రాతపూర్వకంగా అడగవచ్చు. దారులు మునిగి, కరెంటు లేక, ఫోన్లు పనిచేయక ఆలస్యమైతే ఆ సంగతి ఉత్తరంలో రాయాలి. తప్పించుకోలేని కారణంతో ఆలస్యమైన నిజమైన క్లెయిములను ఆ ఒక్క కారణం చూపి యాంత్రికంగా తిరస్కరించవద్దని నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు చెప్పింది. కానీ ఆలస్యం అసలు దెబ్బ కొట్టేది సాక్ష్యాన్ని. తెగిన బోల్టు ముఖం తడిలో కొద్దిరోజులకే తుప్పు పడుతుంది. కొత్త పగులుకూ పాత పగులుకూ తేడా చెరిగిపోతుంది.

డబ్బు లెక్క దగ్గర రైతుకు ఎక్కువగా ఎదురయ్యే ఆశ్చర్యం తక్కువ బీమా. ఉదాహరణలోని షెడ్డును ఇవాళ కట్టాలంటే 4 లక్షలు అవుతుందనుకుందాం. అప్పు ఇచ్చేనాడు బ్యాంకు 3 లక్షలకు బీమా చేయించి, తర్వాత ఏటా అదే మొత్తానికి పునరుద్ధరిస్తూ పోయింది. కప్పు నష్టం 60 వేలని తేలింది. షెడ్డు విలువలో మూడు వంతులకే బీమా ఉంది కనుక నష్టంలోనూ మూడు వంతులే, అంటే 45 వేలే లెక్కలోకి వస్తుంది. అందులోంచి పాలసీదారు తానే భరించాల్సిన మొత్తం పోతుంది. పాలసీలో అది 10 వేలని ఉంటే చేతికి వచ్చేది 35 వేలు. 5 కోట్ల లోపు ఆస్తులున్న చిన్న వ్యాపారాలకు 2021 నుంచి ఇస్తున్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీలో బీమా 15 శాతం దాకా తక్కువైనా పట్టించుకోరు. ఇక్కడ 25 శాతం తక్కువ కాబట్టి ఆ వెసులుబాటు దొరకదు. అదే సంవత్సరం వచ్చిన భారత్ గృహ రక్ష ఇంటి పాలసీలో మాత్రం ఇలా వంతుల కోత లేదు. ఒకే తుఫానుకు ఇల్లూ కొట్టమూ రెండూ దెబ్బతింటే రెండింటికీ వేరువేరు లెక్క జరగడానికి ఇదొక కారణం. తాటాకు, గడ్డి, వెదురు కప్పులకు బీమాలో నిబంధనలు వేరు. రేకుల కప్పును పాలసీలో ఏమని రాశారో చూసుకోవాలి.

షెడ్డు మీద అప్పు ఉంటే ఆ 35 వేలు నేరుగా రైతు చేతికి రాకపోవచ్చు. పాలసీలో బ్యాంకు పేరు చేర్చి ఉంటే చెల్లింపు ముందు బ్యాంకుకు వెళ్తుంది. ఉత్తరం ప్రతి బ్యాంకుకు పంపేది మర్యాద కోసం కాదు. ఆ డబ్బు మరమ్మతుకు విడుదల చేయమని అప్పుడే విడిగా ఒక కాగితం ఇచ్చి పెట్టాలి.

చెప్పిన తేదీకి ఎవరూ రాకపోతే, మొదటి ఉత్తరం నకలు జతచేసి కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల విభాగానికి 155255 నంబరుకు ఫోన్ చేయవచ్చు, బీమా భరోసా పోర్టల్‌లోనూ నమోదు చేయవచ్చు. కంపెనీ నెల రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, యానాం ఫిర్యాదులు హైదరాబాద్ కార్యాలయం చూస్తుంది. ఫీజు లేదు, లాయరుతో పని లేదు. ఏడాదిలోపు వెళ్లాలి. అక్కడ మొదట అడిగే కాగితాల్లో అక్టోబర్ 29 తేదీతో ముద్ర పడిన ఆ ఉత్తరం నకలు ఉంటుంది.